ఆ 22 మార్కుల గురించి, స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లే ఒక మాస్టారు

బాబూ, రాత్రి ఒంటిగంటకు నువ్వు రాసింది పొద్దున్న టీ తాగుతూ చదివాను. అన్నీ పాసై మ్యాథ్స్ 2బీ ఒక్కటే పోయింది, 75కి 22 వచ్చాయి, నాలుగు మార్కుల్లో ఏడాదంతా కొట్టుకుపోయింది అన్నావు. దిల్‌సుఖ్‌నగర్‌లో పదిహేనేళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, స్పాట్ వాల్యుయేషన్‌కి కూడా వెళ్తుంటాను. ఆ 22ని నువ్వు ఒకవైపు నుంచే చూశావు. ఎర్రపెన్ను పట్టుకున్న వైపు నుంచి అదెలా ఉంటుందో నేను చెబుతాను.

మా ముందుకు వచ్చే పేపరు మీద పేరుండదు, హాల్ టికెట్ నంబరుండదు. కోడ్ ఒక్కటే ఉంటుంది. రోజుకు ముప్పై పేపర్ల దాకా దిద్దుతాం. ఆ పేపరు రాసినవాడు తెలివైనవాడా, మొద్దా, ఇంట్లో ఏం జరుగుతోంది, పరీక్షకు ముందురోజు జ్వరం వచ్చిందా, ఇవేవీ మాకు తెలియవు. మూడు గంటల్లో ఆ కాగితాల మీద ఏం పడిందో అంతవరకే మార్కులు వేస్తాం. "నేను దేనికీ పనికిరానని తేలిపోయింది" అని రాశావు. అది తేల్చేంత సమాచారం ఆ పేపరు దిద్దినాయన దగ్గర లేదు, నిజంగా చెబుతున్నాను.

ఇంకోటి. 20ల్లో ఆగిపోయే పేపర్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. నీది కూడా అలాంటిదే అనిపిస్తోంది, ఎందుకంటే "ఇంటిగ్రేషన్ ఏడు మార్కులవి మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను, చివర్లో టైమ్ చాలక రెండు మార్కులవి నాలుగు వదిలేశాను" అని నువ్వే చెప్పావు. అక్కడే ఉంది సంగతంతా. పేపర్లో రెండు మార్కులవి పది, అన్నీ రాయాలి, ఇరవై మార్కులు. నాలుగు మార్కులవి ఏడింట్లో ఐదు, ఇంకో ఇరవై. ఏడు మార్కులవి ఏడింట్లో ఐదు, ముప్పై ఐదు. పాస్ మార్కు 26. వదిలేసిన ఆ నాలుగు చిన్న ప్రశ్నలే ఎనిమిది మార్కులు. వాటిలో రెండు సరిగ్గా రాసినా నువ్వు నిన్న ఈ పోస్టు రాసేవాడివి కాదు. నిన్ను తప్పుబట్టడానికి అనడం లేదు. ముందు పెద్దవి పట్టుకుంటే ధైర్యం వస్తుందని మీ క్లాసులోనే ఎవరో చెప్పి ఉంటారు. తొంభై శాతం తెచ్చుకునేవాళ్లకు అది సరిపోతుందేమో, టెన్షన్ పడే పిల్లలకు మాత్రం అదే కొంప ముంచుతుంది.

పోయినేడు మా దగ్గరికి ఒకబ్బాయి రామంతాపూర్ నుంచి వాళ్లమ్మతో వచ్చాడు. వాడికి వచ్చినవి 17 మార్కులు. గుమ్మం బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. వారం రోజులు వాడితో రెండు మార్కులవి తప్ప ఇంకేమీ చేయించలేదు. తర్వాత సర్కిల్స్ నుంచి వచ్చే పెద్ద లెక్క, అంటే నాలుగు పాయింట్లు ఒకే సర్కిల్ మీద ఉన్నాయని చూపించేది. అందులో మూడు పాయింట్లను ఈక్వేషన్‌లో పెట్టడం వస్తే చాలు, మిగతాది కూడికలు, తీసివేతలే. డెఫినెట్ ఇంటిగ్రల్స్‌లో కొన్ని, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో కొన్ని చేయించాను. ఇండెఫినెట్ ఇంటిగ్రేషన్ జోలికి పెద్దగా పోనివ్వలేదు, అది వాణ్ని భయపెడుతోంది కాబట్టి. సప్లీలో వాడికి 48 వచ్చాయి. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఘట్‌కేసర్ వైపు కాలేజీ బస్సు ఎక్కుతున్నాడు. కోరుకున్న బ్రాంచి రాలేదని మూడు రోజులు మూతి ముడుచుకున్నాడు, అది వేరే విషయం.

నీ ఎంసెట్ భయానికి (పేరు ఈఏపీసెట్ అయినా మన నోటికి ఎంసెటే) వస్తే, రాసింది వృథా ఏమీ కాదు. సాధారణంగా కౌన్సెలింగ్ మొదలయ్యేలోగా సప్లీ ఫలితాలు వచ్చేస్తాయి. ఇదివరకు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, ఇప్పుడు మన రాష్ట్రంలో అదీ లేదు. గ్రూపు సబ్జెక్టులు కలిపి ఓసీలకు 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉంటే చాలు. అందుకే సప్లీలో 26 దగ్గర ఆగకుండా ఓ 45 మార్కుల మీద గురి పెట్టు.

ఈ వారం చేయాల్సిన పని ఒకటే, కాలేజీకి వెళ్లి సప్లీ ఫీజు కట్టెయ్. తేదీ దాటితే మళ్లీ ఆలస్య రుసుము. నాలుగు మార్కులే కాబట్టి రీవెరిఫికేషన్‌కి కూడా పెట్టుకో, ఆ పేపరు స్కాన్ కాపీ నీ చేతికి వస్తుంది. కూడికలో తప్పులు, దిద్దకుండా వదిలేసిన జవాబులు అప్పుడప్పుడూ బయటపడతాయి, మేమూ మనుషులమే. కానీ దాన్ని నమ్ముకుని సప్లీ ఫీజు మాత్రం ఆపకు. మార్కులు మారకపోయినా ఆ కాపీ చూడు, ఎక్కడ ఆగిపోయావో నీ చేతిరాతలోనే కనిపిస్తుంది. ఏ గైడూ అంత బాగా చెప్పలేదు.

మెట్రో దిగి నడుస్తుంటే ఫ్లెక్సీ మీద నీ ఫ్రెండు ఫొటో కనిపించిందని, ఇంకో వైపు తిరిగి వెళ్లిపోయానని రాశావు. ప్రతి ఏప్రిల్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా అవే ఫ్లెక్సీలు. పదిమంది నవ్వుతున్న మొహాలు, కింద మార్కులు. ఆ కాలేజీలో మొత్తం ఎంతమంది చదివారో మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా వేయరు, గమనించావా? వానాకాలం వచ్చేసరికి వాటిని విప్పి ఎవరో ఒకరు షెడ్డు మీద కప్పుకుంటారు. నీ ఫ్రెండుకి మాత్రం ఫోన్ చెయ్, వాడేం తప్పు చేయలేదు కదా.

మీ నాన్న అన్నం దగ్గర ఒక్క మాట కూడా మాట్లాడలేదని బాధపడ్డావు. ఆయన మనసులో ఏముందో నాకేం తెలుసు? కానీ నా దగ్గరికి వచ్చే తండ్రుల్లో సగంమంది ఏం మాట్లాడాలో తెలియకే నోరు మూసుకుంటారు. ఇవాళ నువ్వే వెళ్లి "నాన్నా, ఫీజు ఎప్పుడు కట్టాలో కనుక్కొచ్చాను" అని చెప్పు. సారీలు, ఏడుపులు తర్వాత చూసుకోవచ్చు. బంధువులు ఫోన్ చేస్తే ఎత్తాల్సిన అవసరం లేదు, మార్కులు చెప్పడానికి నువ్వెవరికీ బాకీ లేవు.

చివర్లో "ఇంక నా వల్ల కాదు" అని ఒక ముక్క రాశావు. చదువు గురించి అన్నావో, ఇంకేదైనా అన్నావో నాకు తెలియదు, అందుకే సూటిగా అడుగుతున్నాను. బతకాలని లేదు అనే ఆలోచన ఏమైనా వస్తోందా? వస్తుంటే ఒంటరిగా గదిలో కూర్చోకు, ఇప్పుడే అమ్మ పక్కకెళ్లి కూర్చుని ఆమెకు చెప్పు. 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అంటారు, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అలా ఏమీ లేకపోతే లేదని నాకు ఒక్క మాట రాయి, నా మనసు కుదుటపడుతుంది.

ఇవాళ్టికి పుస్తకం తియ్యకు, కడుపు నిండా తిని పడుకో. రేపు పొద్దున్న మాత్రం ఇది చెయ్, రెండు మార్కులది: x² + y² + 6x + 8y − 96 = 0. ఈ సర్కిల్‌కి సెంటర్ ఎంత, రేడియస్ ఎంత? ఎక్కడైనా ఆగిపోతే ఆగిన చోటు దాకా రాసి పంపు, చూస్తాను.