తాతయ్య రేడియోలో గరగర

ఫైనలియర్ ప్రాజెక్టు టాపిక్ ఇవ్వడానికి సోమవారం ఆఖరి రోజు. శుక్రవారం సాయంత్రం గుంటూరులో రేపల్లె రైలెక్కేసరికి నా నోట్‌బుక్‌లో పదకొండు టైటిల్స్ ఉన్నాయి, పదకొండూ కొట్టేసి ఉన్నాయి. స్మార్ట్ ఇరిగేషన్, హోమ్ ఆటోమేషన్, ముఖం చూసి తలుపు తీసే లాక్, ఏది రాసినా మా సీనియర్లు చేసేసిందే. మా బ్యాచ్‌లో మిగతా ఇద్దరూ, డబ్బులిస్తే ప్రాజెక్టు సెంటర్లో అన్నీ రెడీగా ఇస్తారు, తెచ్చి పెట్టేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పలేదు. నాలుగేళ్ళు ఈసీఈ చదివి, నా చేత్తో నేను చేశానని చెప్పుకునే వస్తువు ఒక్కటి కూడా లేకుండా ఎలా బయటికి రావాలి?

ఇంటికెళ్ళేసరికి నాన్న అటక దులుపుతున్నాడు. పాత ఇత్తడి బిందెలు, విరిగిన మంచం కోళ్ళు, వాటి మధ్య ఒక గోనెసంచిలో తాతయ్య రేడియో. "ఇది పాత సామాన్ల వాడికి వేసేద్దాం నాన్నా" అని నాన్న అంటుంటే, అరుగు మీద కూర్చున్న తాతయ్య ఏమీ మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడం నాకు నచ్చలేదు. సంచి తీసి నా గదిలో పెట్టుకున్నా.

రెండు బ్యాండ్ల ట్రాన్సిస్టర్ సెట్టు అది. తోలు కవరు, ముందర అద్దం మీద సన్నని గీతలు, కంపెనీ బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది. 1974లో మినుములు అమ్మిన డబ్బుతో తెనాలిలో కొన్నాడట. అప్పట్లో రేడియోకి లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఆ పుస్తకం ఇంకా తాతయ్య ట్రంకుపెట్టెలో ఉంది. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చాక కరెంటు లేదు, పేపర్ లేదు, అప్పుడు వాడంతా మా అరుగు మీదే కూర్చుని ఈ సెట్టులో వార్తలు విన్నారని నాయనమ్మ చెప్పేది. అంత వాడిన మనిషి ఎందుకు మానేశాడని అడిగితే ఒకటే మాట చెప్పాడు.

"గరగరమంటుందమ్మడూ. మాట అర్థం కాదు. సెట్టుకి వయసైపోయింది, నా చెవులకీ అయిపోయింది."

వెనక మూత తీస్తే నాలుగు పెద్ద సెల్లులు అలాగే ఉన్నాయి, పగిలి కారిపోయి, స్ప్రింగులు పచ్చగా చిలుం పట్టి. డయల్ దారం తెగి ముల్లు ఒక మూలకి వాలిపోయింది. లోపల మాత్రం ఎంత ముచ్చటగా ఉందో! చిటికెన వేలంత లావు నల్లటి ఫెర్రైట్ రాడ్, దాని మీద జుట్టంత సన్నని రాగి తీగ, పక్కన ఆకులు ఆకులుగా ఒకదాంట్లోకి ఒకటి దూరే గ్యాంగ్ కండెన్సర్, చిన్న చిన్న తెల్ల రేకు డబ్బాల్లో ఐఎఫ్ కాయిల్స్. ఎల్‌సీ సర్క్యూట్ అని సెకండియర్‌లో బోర్డు మీద ఎన్నిసార్లు గీసుంటానో, గ్యాంగ్ ఆకులు కదులుతుంటే 'సి', అంటే కెపాసిటెన్స్, మారడం కళ్ళారా చూడటం ఇదే మొదటిసారి.

శనివారం పొద్దున తెనాలిలో ఒక పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళా. అరవై దాటిన పెద్దాయన, ఇప్పుడు ఎక్కువగా మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు. సెట్టు చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. స్ప్రింగులు గీకి కొత్తవి వేశాడు, ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు ఐదు మార్చాడు, డయల్ దారం కొత్తది చుట్టాడు (ఈ చుట్టడం ఒక కళ, మూడుసార్లు నేను చుట్టి ముడి వేస్తే మూడుసార్లూ ముల్లు ఎదురు తిరిగింది). సెల్లులు వేసి తిప్పితే విజయవాడ స్పష్టంగా పలికింది.

"ఇంజనీరింగ్ అంటున్నావు కదా, విజయవాడ ఎంత మీద వస్తుంది?"

"837 కిలోహెర్ట్జ్ అంకుల్."

"మరి నీ సెట్టు లోపల ఇప్పుడు పుడుతున్నది ఎంత?"

837కి 455 కలిపి 1292 అని చెప్పా. సూపర్ హెటెరోడైన్ అంటే అదే, సెట్టు తనే ఒక చిన్న తరంగాన్ని పుట్టించి, వచ్చే స్టేషన్‌తో కలిపి, తేడాగా ఎప్పుడూ 455 మిగిలేలా చేసుకుంటుంది. ఆయన నవ్వి ఇంకో రేడియో తెచ్చి పక్కన పెట్టి 1290 దగ్గర ఖాళీ చోటుకి తిప్పాడు. అక్కడ సర్రుమని ఒకటే చప్పుడు. మా సెట్టు విజయవాడ మీదికి రాగానే ఆ చప్పుడు టక్కున అణిగిపోయింది. పక్కకి జరిపితే మళ్ళీ సర్రు. మా సెట్టు పుట్టించే ఆ 1292ని రెండో సెట్టు వింటోంది! పరీక్షలో పది మార్కులకి రాసిన సమాధానం నా ఎదురుగా బల్ల మీద జరుగుతోంది. వింటున్న రేడియో కూడా ఎంతో కొంత బయటికి చెబుతూనే ఉంటుందన్న సంగతి ఆ రోజు నా బుర్రలో అలా ఉండిపోయింది.

ఇంటికొచ్చి హాల్లో పాత గూట్లో పెట్టి ఆన్ చేశా. గరగర. అదే గరగర. మెకానిక్ షాపులో కంచు మోగినట్టు పలికిన సెట్టు మా ఇంట్లో ఉల్లిపాయలు వేగుతున్నట్టు చిటపటలాడుతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తాతయ్య నా భుజం తట్టి "పోన్లే అమ్మడూ, నీ కష్టం ఎక్కడికి పోతుంది" అన్నాడు గానీ, ఆయన గొంతులోనూ నిరాశ తెలుస్తోంది.

ఏడున్నరకి కరెంటు పోయింది.

ఒక్కసారిగా ఇల్లంతా చీకటి, ఆ చీకట్లో విజయవాడ స్టేషన్ గొంతు, మనిషి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు. సెట్టు సెల్లుల మీద నడుస్తోంది కదా, దానికి కరెంటుతో పని లేదు. తాతయ్య మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "ఇదీ, ఇదీ మన సెట్టు!" అన్నాడు. ఇరవై నిమిషాలు ఎవ్వరం మాట్లాడలేదు. అమ్మ వంటింట్లో కొవ్వొత్తి కూడా వెలిగించలేదు. కరెంటొచ్చి లైట్లు వెలిగాయి, మరుక్షణం గరగర.

అప్పుడు తెలిసింది నాకు. పాడైంది సెట్టు కాదు, తాతయ్య చెవులూ కాదు. మా ఇల్లే గోల చేస్తోంది.

ఆదివారం పొద్దున్నే అన్ని స్విచ్చులూ ఆపేసి, ప్లగ్గులన్నీ పీకేసి, రేడియో పెట్టుకుని ఒక్కొక్కటే వేస్తూ వచ్చా. ఫ్యాన్ ఏమీ అనలేదు. వంటింటి బల్బు కొంచెం. నాన్న ఫోన్ ఛార్జర్ ఒక సన్నని కూత. హాల్లో బల్బు వేయగానే మాత్రం స్టేషన్ మొత్తం మునిగిపోయింది, అది సంతలో మూడు కలిపి తక్కువకి తెచ్చిన ఎల్ఈడీ. పాత గుండు బల్బులో వేడెక్కే తీగ తప్ప ఏమీ ఉండదు. ఎల్ఈడీ బల్బు లోపల ఒక చిన్న సర్క్యూట్ కరెంటుని సెకనుకి వేలసార్లు ఆపుతూ వదులుతూ ఉంటుంది. అది 60 కిలోహెర్ట్జ్ దగ్గర కొట్టుకుంటోంది అనుకోండి, 120, 180, 240 అని దాని గుణిజాలు పైకి పోతూనే ఉంటాయి, పద్నాలుగోది 840, అంటే సరిగ్గా విజయవాడ పక్కన. దాన్ని ఆపడానికి లోపల ఒక కాయిలు, ఒక కండెన్సర్ ఉండాలి. మరీ చవక బల్బుల్లో అవి ఎగ్గొట్టేస్తారు. ఇంటి వైరింగే పెద్ద ఏరియల్‌లా ఆ గోలని గది గదికీ మోసుకెళ్తుంది.

ఈ సంగతి తాతయ్యకి చెబుతుంటే ఆయన నన్ను గూటి దగ్గరికి తీసుకెళ్ళాడు. గూటి అడుగున వంకరగా ఒక సుద్ద గీత, ఏళ్ళ తరబడి దిద్దీ దిద్దీ గచ్చులోకి ఇంకిపోయింది. "సెట్టు ఈ గీత మీదే పెట్టాలి. పక్కకి తిప్పితే విజయవాడ సన్నగిల్లుతుంది" అన్నాడు. ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూశా. గీత మీద సెట్టు పెడితే దాని మొహం ఉత్తరానికి ఉంటుంది, విజయవాడ మాకు ఉత్తరానే. ఫెర్రైట్ రాడ్ సెట్టులో అడ్డంగా ఉంటుంది, స్టేషన్‌కి అడ్డంగా నిలబడితే ఎక్కువ పట్టుకుంటుంది, కొన స్టేషన్ వైపు తిరిగితే దాదాపు పట్టుకోదు. తాతయ్య ఏడో తరగతి వరకే చదివాడు. ఇది మాత్రం యాభై ఏళ్ళ క్రితమే వినీ వినీ కనిపెట్టి గీత గీసుకున్నాడు.

స్టేషన్ ఎటుందో చెప్పగలిగిన రాడ్డు, గోల ఎటునుంచి వస్తుందో ఎందుకు చెప్పలేదు? నా టాపిక్ అక్కడ దొరికింది, ఆ సుద్ద గీత మీద.

రాత్రి కూర్చుని రాసుకున్నా. తాతయ్య సెట్టు ముట్టుకోను, ఆరు ట్రాన్సిస్టర్ల ఏఎం రేడియో కిట్ కొంటాం. రేడియోలో ఏజీసీ అని ఒకటి ఉంటుంది, వచ్చే సిగ్నల్ బలం పెరిగే కొద్దీ దాని ఓల్టేజీ మారుతుంది. ఆ ఓల్టేజీని ఎల్ఎం358 అనే యాంప్లిఫయర్ చిప్‌తో పెంచి, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు A0 పిన్‌కి ఇస్తే అంకె వస్తుంది. స్టేషన్ లేని చోట ట్యూన్ చేసి బల్బు ముందు పెడితే, ఆ బల్బు ఎంత గోల చేస్తుందో ఆ అంకె చెబుతుంది. రాడ్డు తిప్పితే దిక్కు కూడా.

సోమవారం గైడ్ మేడమ్ కాగితం రెండుసార్లు చదివారు. "అంకె వస్తుంది సరే, ఆ అంకెకి యూనిట్ ఏంటమ్మా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. లైటింగ్ పరికరాల గోలకి సిస్పర్ 15 అని అంతర్జాతీయ ప్రమాణం ఉందని, దాని ప్రకారం కొలవడానికి ఖరీదైన పరికరాలు కావాలని, మీది అలా సర్టిఫై చేసే మీటర్ కాదని, కానీ ఒకే దూరంలో, ఒకే చోట, ఇరవై బల్బులు పెట్టి ఒకదానితో ఒకటి పోలిస్తే అది నిజమైన పనేనని చెప్పారు. ఫిల్టర్ పెట్టక ముందు, పెట్టాక తేడా కూడా చూపించమన్నారు, 230 ఓల్టుల పని మాత్రం ల్యాబ్‌లో ఎవరైనా పక్కనుంటేనే. టైటిల్ ఆవిడ చేత్తోనే సరిదిద్దారు: 'గృహ ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్ల నుంచి మీడియం వేవ్‌లో వెలువడే అంతరాయాన్ని పోల్చి కొలిచే, దిక్కు చూపే పరికరం.' ప్రాజెక్టు సెంటర్ మాట ఎత్తిన మా బ్యాచ్ ఇద్దరూ, కిట్ ఎప్పుడు కొందామని ఆ సాయంత్రమే ఫోన్ చేశారు.

తర్వాతి శనివారం ఊరికెళ్ళి హాల్లో బల్బు మార్చా, ఛార్జర్ మార్చా. సెట్టు గీత మీద పెడితే విజయవాడ బాగానే పలికింది, అయినా అడుగున సన్నగా ఒక చిటపట మిగిలింది. నేను ఫ్యూజు తీసి చూసినా పోలేదు. తాతయ్య రేడియో చంకన పెట్టుకుని పెరట్లోకి నడిచాడు. రెండడుగులు వేయడం, ఆగడం, సెట్టుని మెల్లగా తిప్పడం, చెవి దగ్గర పెట్టుకోవడం. పిట్టగోడ దగ్గర ఆగి, సెట్టు కొన అవతలి వాళ్ళ పశువుల పాక వైపు తిప్పగానే చిటపట అణిగింది. పాకలో పట్టపగలు ఒక బల్బు వెలుగుతోంది.

"ఇది మనది కాదమ్మడూ" అన్నాడు తాతయ్య, గోడ మీంచి వంగి పక్కింటాయన్ని పిలుస్తూ.