"ఇక అయిపోయింది" అనిపించినప్పుడు కాగితం మీద చేయాల్సిన పని

రిపోర్టు పంపేశాక, రాత్రి తొమ్మిదింటికి కనబడింది: రెండో పేజీలో ఒక వరుసను రెండుసార్లు కూడారు, మొత్తం తప్పు పడింది. జరిగింది అంతే. కానీ పది నిమిషాలు తిరక్కుండానే మనసు ఎక్కడికో వెళ్లిపోయింది. మేనేజర్ చూస్తారు, నా మీద నమ్మకం పోతుంది, ఉద్యోగం తీసేస్తారు, ఇంకెక్కడా దొరకదు, ఇంటి అప్పు కట్టలేం, ఇల్లు పోతుంది. గుండె దడ, కడుపులో తిప్పడం, నిద్ర లేదు.

ఇలా ఒక చిన్న విషయం నుంచి ఘోరమైన ముగింపుకు పరుగెత్తడాన్ని మానసిక వైద్యంలో క్యాటస్ట్రఫైజింగ్ అంటారు. ఇక్కడ విపత్తు ఆలోచన అందాం. ఆల్బర్ట్ ఎల్లిస్, ఆరన్ బెక్ అనే అమెరికన్ నిపుణులు 1950లు, 60లలో రూపొందించిన చికిత్సలు ఇలాంటి ఆలోచనలను పట్టుకుని పరీక్షించడం మీదే నిలబడ్డాయి. కింద చెప్పే పద్ధతి ఆ దారిలోదే. ఒక కాగితం, పెన్ను, అరగంట సమయం కావాలి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ పద్ధతి గురించి విన్న చాలామంది, "అంటే ఏమీ కాలేదని నాకు నేను చెప్పుకోవాలా?" అని అడుగుతారు. అక్కర్లేదు. పై ఉదాహరణలో తప్పు నిజంగానే జరిగింది. దాన్ని లేదనుకుంటే మనసు నమ్మదు, నమ్మకూడదు కూడా. విపత్తు ఆలోచనలో మొదటి మెట్టు చాలాసార్లు నిజమే అయి ఉంటుంది. తేడా వచ్చేది రెండో మెట్టు దగ్గర్నుంచి. మన పనల్లా జరిగినదానికీ ఊహించినదానికీ మధ్య గీత గీయడమే.

మనసు అలా ఎందుకు పరుగెడుతుంది

ఇందులో రెండు లెక్కలు ఒకేసారి తప్పుతాయి. చెడు జరిగే అవకాశాన్ని ఎక్కువగా వేసుకుంటాం. జరిగితే తట్టుకునే మన శక్తిని తక్కువగా వేసుకుంటాం. రెండోదాన్ని జనం పెద్దగా గమనించరు కానీ, నా ఉద్దేశంలో ఎక్కువ బాధ పెట్టేది అదే. "ఉద్యోగం పోతుందేమో" అన్నదానికన్నా "పోతే నేను బతకలేను" అన్నదే మనిషిని రాత్రంతా కూర్చోబెడుతుంది.

పైగా భయం తనకు తానే సాక్ష్యం చెప్పుకుంటుంది. ఆలోచన రాగానే గుండె వేగం పెరుగుతుంది. గుండె అంతగా కొట్టుకుంటోందంటే ప్రమాదం నిజమేనన్నమాట అనుకుంటాం, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. పానిక్ అటాక్‌లో జరిగేది ఇదేనని బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో వివరించారు: ఒంట్లో వచ్చే మామూలు మార్పులను "గుండెపోటు వస్తోంది", "పిచ్చెక్కుతోంది" అని చదువుకోవడం వల్ల ఆ మార్పులే ఉధృతమవుతాయి. దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవారిలోనూ ఇలాంటి ఆలోచనే కనిపిస్తుంది. దాన్ని కొలవడానికి 1995లో 13 ప్రశ్నల కొలమానం తయారైంది. నొప్పి గురించే పదే పదే తలచుకోవడం, దాన్ని పెద్దది చేసుకోవడం, తన వల్ల ఏమీ కాదనుకోవడం అనే మూడింటిని అది చూస్తుంది. నొప్పి సంగతి పక్కన పెట్టినా, ఆ మూడూ ఏ భయానికైనా సరిపోతాయి.

కొందరు దీన్ని సమర్థించుకుంటారు. "కీడెంచి మేలెంచమన్నారు కదా, నేను ముందుజాగ్రత్తగా ఉంటున్నాను" అంటారు. ముందుజాగ్రత్తకూ దీనికీ తేడా తెలుసుకోవడం తేలిక. ముందుజాగ్రత్త ఒక పనితో ముగుస్తుంది: ఫోన్ చేస్తాం, సరిచూస్తాం, డబ్బు పక్కన పెడతాం. విపత్తు ఆలోచన గంట సేపు తిరిగి మళ్లీ మొదటికే వస్తుంది, చేతిలో పనేమీ ఉండదు.

మొదట ఆలోచనను పట్టుకోవడం

మనకు ముందు తెలిసేది ఆలోచన కాదు, ఒళ్లు. హఠాత్తుగా దడ, గొంతు పట్టేయడం, చేస్తున్న పని మీద దృష్టి పోవడం, ఫోన్ పదే పదే తీసి చూడటం. ఇవి కనబడగానే "ఇప్పుడు నా బుర్రలో ఏ మాట తిరిగింది?" అని అడగండి. జవాబులో "ఒకవేళ... అయితే", "ఖాయం", "ఎప్పటికీ", "అంతా", "ఇక నా పని అయిపోయింది" లాంటి మాటలుంటే ఆగి కాగితం తీయాల్సిందే.

ఆ మాటను ప్రశ్నగా రాయకండి. "ఉద్యోగం పోతుందా?" అని రాస్తే దాన్ని పరీక్షించలేం, మళ్లీ అందులోనే తిరుగుతాం. "ఉద్యోగం పోతుంది" అని తీర్మానంగా రాయండి. తర్వాత "పోతే ఏమవుతుంది?" అని అడుగుతూ చివరిదాకా దిగండి. అట్టడుగున ఉన్న వాక్యమే అసలు భయం. పై ఉదాహరణలో మనిషి ఇలా రాసుకున్నారనుకుందాం:

> సందర్భం: మంగళవారం రాత్రి 9. పంపిన రిపోర్టులో ఒక వరుస రెండుసార్లు కూడాను.
> ఆలోచన: ఉద్యోగం తీసేస్తారు, చివరికి ఇల్లు పోతుంది.
> ఎంత నమ్ముతున్నాను: 100కి 90
> భయం 85, సిగ్గు 70

సందర్భం వరుసలో కెమెరాకు కనబడేదే రాయాలి. "ఘోరమైన తప్పు చేశాను" అని రాస్తే అక్కడే తీర్పు చొరబడినట్టు. అంకెలు వేయడం మొదట్లో వింతగా ఉంటుంది. కానీ ఆ 90 లేకపోతే తర్వాత ఎంత మారిందో తెలియదు.

సాక్ష్యం చూడటం

చాలామంది తొందరపడేది ఇక్కడే. ఆలోచనను కొట్టిపారేసే వాటినే వెతుకుతారు. ముందు ఆ ఆలోచన వైపు ఉన్నది నిజాయితీగా రాయండి, లేకపోతే మనసు "నా వాదన వినలేదు" అని రాత్రి మళ్లీ లేపుతుంది.

> అవునని చెప్పేవి: తప్పు నిజమే. పంపింది నేనే. ఆ రిపోర్టు పై అధికారులకు వెళ్తుంది. పోయిన నెల మేనేజర్ అంకెలు జాగ్రత్తగా చూడమన్నారు.
>
> కాదని చెప్పేవి: నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొన్ననే కొత్త బాధ్యత అప్పగించారు. గతేడాది సహోద్యోగి ఇంతకన్నా పెద్ద తప్పు చేస్తే సరిచేసి మళ్లీ పంపించారు, ఆయన ఇంకా పని చేస్తున్నారు. రిపోర్టు వాడేది గురువారం సమావేశంలో, మధ్యలో బుధవారం మొత్తం ఉంది.

రాశాక ఒక్కో వాక్యాన్ని అడగండి: ఇది జరిగిందా, నాకు అనిపించిందా? "సాయంత్రం మేనేజర్ ముభావంగా ఉన్నారు" అని మొదటి వైపు రాసి ఉంటే కొట్టేయాలి. ఆ సాయంత్రానికి తప్పు సంగతి ఎవరికీ తెలియదు. "నాకు గట్టిగా అనిపిస్తోంది" అనేది కూడా సాక్ష్యం కాదు. భయం ఎంత ఉందన్న సమాచారం మాత్రమే. అలాగే రెండో వైపు "దేవుడున్నాడు, ఏమీ కాదు" అని రాస్తే అదీ లెక్కలోకి రాదు.

తర్వాత మెట్లను విడదీయండి. విపత్తు ఆలోచన చివరి మెట్టును మాత్రమే చూపిస్తుంది, అక్కడికి చేరాలంటే అన్ని మెట్లూ వరుసగా జరగాలన్న సంగతి దాచేస్తుంది. ఒక్కో మెట్టుకు మీ అంచనా వేయండి. మేనేజర్‌కు నమ్మకం బాగా సడలడానికి 100కి 30 అనుకుందాం. సడలితే ఉద్యోగం తీసేయడానికి 5. తీసేస్తే చాలా కాలం వేరే పని దొరక్కపోవడానికి 20. దొరక్కపోతే ఇల్లు పోవడానికి 20. ఇవన్నీ గుణిస్తే 10,000కి 6 వస్తుంది. నాలుగు అంచనాలనూ రెట్టింపు చేసినా 100కి 1 లోపే. ఇవి ఉజ్జాయింపు అంకెలే, ఖచ్చితత్వం ముఖ్యం కాదు. 90 శాతం నమ్మిన విషయానికి మన చేతులతో మనమే వేసిన లెక్క ఇంత చిన్నదిగా రావడం చూడాలి.

అయితే కొందరికి ఈ లెక్క పనిచేయదు. "ఆ ఆరుగురిలో నేనుంటే?" అంటుంది మనసు. అంకెలతో వాదనకు దిగకండి, ఆ వాదన తెగదు. నేరుగా రెండో లెక్కకు వెళ్లండి: ఒకవేళ జరిగితే మొదటి వారం ఏం చేస్తాను? ఎవరికి చెబుతాను? ఇంతకుముందు ఏ కష్టం దాటాను, ఎలా దాటాను? జవాబులు రాయండి. ఉద్యోగం పోతే అప్పు ఇచ్చినవారితో వాయిదాల గురించి మాట్లాడవచ్చు, పాత పరిచయాలకు ఫోన్ చేయవచ్చు, ఖర్చులు తగ్గించవచ్చు. కష్టమే, కానీ దానిలోనూ చేయాల్సిన పనులున్నాయి. ఊహలో మాత్రం చీకటి తప్ప ఏ పనీ కనబడదు.

సమతూకంగా మళ్లీ రాయడం

ఇప్పుడు రెండు వైపులా ఉన్నదాన్ని కలిపి కొత్త వాక్యాలు రాయాలి. "అంతా మంచే జరుగుతుంది" అని రాయకండి. మీరే నమ్మరు. "నేను చాలా తెలివైనవాణ్ణి, నన్ను తీసేయలేరు" కూడా అంతే. పరీక్ష ఒకటే: ఇంతవరకు రాసిన సాక్ష్యం చూసి, ఈ సంగతితో సంబంధం లేని మనిషి ఒప్పుకుంటారా?

> రిపోర్టులో తప్పు చేశాను, అది నా పొరపాటే. మేనేజర్‌కు నచ్చదు, ఒక మాట అనవచ్చు, అప్పుడు నాకు బాధగా ఉంటుంది. గురువారంలోపు సరిచేసిన కాపీ పంపే వీలుంది. ఒక్క తప్పుకు ఉద్యోగం తీసేస్తారనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఒకవేళ పరిస్థితి అక్కడిదాకా వచ్చినా వెతుక్కోవడానికి అనుభవం ఉంది, చెప్పుకోవడానికి మనుషులున్నారు.
>
> పాత ఆలోచన మీద నమ్మకం ఇప్పుడు: 30. భయం 45, సిగ్గు 60.

భయం సున్నాకు రాలేదు, రావాల్సిన అవసరమూ లేదు. తప్పు చేసినప్పుడు కొంత టెన్షన్ ఉండటం సహజం. సిగ్గు పెద్దగా తగ్గలేదంటే ఆ సిగ్గు వెనుక ఇంకో ఆలోచన ఉందన్నమాట, బహుశా "నేను పనికిరానివాణ్ణి" లాంటిది. దానికి వేరే కాగితం. అంకె అసలు కదలకపోతే, రాసింది అసలు భయం కాకపోయి ఉండవచ్చు. ఇంకో మెట్టు కిందికి దిగి చూడండి.

కాగితం కింద ఒక పని రాయాలి, సమయంతో సహా. "బుధవారం ఉదయం 9:30: సరిచేసిన కాపీ, రెండు వాక్యాల వివరణ పంపాలి." రాత్రే కంగారుగా నాలుగు మెసేజ్‌లు పంపడం ఈ పని కిందికి రాదు. ఇంట్లోవాళ్లను "ఏం కాదు కదా?" అని పదిసార్లు అడగడమూ రాదు. ఆ ఊరట పావుగంట ఉంటుంది, ఆపైన మళ్లీ అడగాలనిపిస్తుంది.

ఈ కాగితానికి లొంగనివీ ఉన్నాయి. ఛాతీలో నొప్పి వస్తుంటే సాక్ష్యాలు రాస్తూ కూర్చోకూడదు, డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఇంట్లో ఎవరైనా కొడుతున్నా బెదిరిస్తున్నా ఆ భయం విపత్తు ఆలోచన కాదు, నిజమైన ప్రమాదం. సాయం అడగాలి. భయం వల్ల వారాల తరబడి నిద్ర, పని, తిండి దెబ్బతింటుంటే, చాలాకాలం కిందటి దెబ్బ మళ్లీ మళ్లీ గుర్తొస్తుంటే, సైకాలజిస్టుతో కలిసి ఇదే పని చేయడం మేలు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకుండా వెంటనే దగ్గరివాళ్లకు చెప్పి, అత్యవసర సేవకో హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయాలి.

రాసిన కాగితం మీద రెండు వారాల తర్వాతి తేదీ వేసి దాచండి. ఆ రోజు తీసి, పాత ఆలోచన పక్కనే ఏం జరిగిందో రాయండి. అనుకున్నది కొంత జరిగి ఉంటే అదీ రాయండి: "మేనేజర్ అందరి ముందు అడిగారు, ముఖం చెల్లలేదు, సాయంత్రానికి మామూలైంది." తర్వాతిసారి "కాదని చెప్పేవి" వరుసలో రాయడానికి ఆ వాక్యం సిద్ధంగా ఉంటుంది.