కథ చదివి వినిపిస్తే మాట పెరిగే తీరు

చెన్నైలోనో బెంగళూరులోనో పెరిగే తెలుగు పిల్లలకు ఇంట్లో వినబడే తెలుగు చాలావరకు అన్నం, స్నానం, బడి సంచి చుట్టూనే తిరుగుతుంది. ఎదురుగా ఉన్న వస్తువును చూపితే సరిపోయే ఆ సంభాషణకు ఎక్కువ మాటలు అక్కరలేదు. కథల పుస్తకం అలా కాదు. ఎదుట లేని అడవిని, ఎన్నడూ చూడని మడుగును, పాత్ర మనసులోని బెంగను అది చాలావరకు మాటలతోనే చెప్పాలి కనుక, రోజువారీ సంభాషణలో అరుదైన పదాలూ, 'అయినప్పటికీ', 'అంతలో' వంటి కలుపుమాటలూ, పొడవైన వాక్యాలూ అందులో సహజంగానే వస్తాయి.

ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటూ ఉంటారు. వారు సొంతంగా చదవగలిగే వాక్యం కంటే విని గ్రహించగలిగే వాక్యం ఎంతో పెద్దది. పెద్దలు పైకి చదివి వినిపించినప్పుడే ఆ పెద్ద వాక్యం వారికి అందుతుంది. 'నక్క పొదలో నక్కింది' అన్నచోట బొమ్మ, గొంతు, సందర్భం కలిసి అర్థాన్ని లీలగా తెలుపుతాయి. అదే కథను మళ్లీ చదివినప్పుడు ఆ అర్థం స్థిరపడుతుంది. అందుకే, నిన్నటి కథే కావాలని మారాం చేసే బిడ్డను విసుక్కోకూడదని నేను గట్టిగా నమ్ముతాను. మధ్యలో ఆగి 'ఎందుకు నక్కింది?' అని అడిగితే, విన్న పదాన్ని బిడ్డ తన నోటితో పలుకుతుంది.

బెంగళూరుకు చెందిన పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి కనుక, బడిలో తెలుగు లేని పిల్లలకు కూడా ఇంట్లో చదివి వినిపించవచ్చు.