మా హారిక పెళ్ళి విషయం

అన్నయ్యకి, అక్కలకి, బావగార్లకి, వదినలకి, పిల్లలందరికీ. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాల్సిన విషయమే, కానీ ఒకరికి ముందు తెలిసి ఇంకొకరికి తర్వాత తెలిస్తే బాగోదని అందరికీ ఒకేసారి ఈ గ్రూపులోనే పెడుతున్నాను.

హారిక పెళ్ళి ఆగిపోయింది. వాయిదా కాదు, సంబంధమే విరమించుకున్నాం. నిశ్చితార్థం అయ్యాక పిల్లలిద్దరూ బాగా మాట్లాడుకుని, ఇద్దరూ కలిసే ఈ నిర్ణయానికి వచ్చి రెండిళ్ళలోనూ చెప్పారు. మేమూ వాళ్ళూ పెద్దల సమక్షంలో కూర్చుని మాట్లాడుకుని సరేననుకున్నాం, వాళ్ళు పెట్టిన ఉంగరం, చీరలు వాళ్ళకి పంపేశాం, మనం పెట్టినవి వాళ్ళే స్వయంగా తెచ్చి ఇచ్చి మా ఇంట్లో కాఫీ తాగి వెళ్ళారు. కట్నకానుకల గొడవ గానీ జాతకాల పేచీ గానీ ఏమీ లేదు. అబ్బాయి మంచివాడు, వాళ్ళింట్లో అందరూ మర్యాదస్తులు, మన పిల్లని ఒక్క మాట అన్నవాళ్ళు లేరు, కాబట్టి మనవైపు నుంచి కూడా వాళ్ళ గురించి ఎక్కడా మాట రాకూడదని నా కోరిక.

ఫంక్షన్ హాలుకీ వంటవాళ్ళకీ చెప్పేశాం. వైజాగ్ నుంచీ హైదరాబాద్ నుంచీ రాజమండ్రికి ట్రైన్ టికెట్లు చేయించుకున్నవాళ్ళు దయచేసి ఇప్పుడే క్యాన్సిల్ చేసుకోండి, దగ్గరపడే కొద్దీ కోత ఎక్కువవుతుంది. డాలస్ నుంచి చిన్నక్కా బావగారూ లీవు కూడా పెట్టేసుకున్నారు, అది తల్చుకుంటే చాలా బాధగా ఉంది, ఇబ్బంది పెట్టినందుకు అందరూ క్షమించాలి. వీలైతే పెళ్ళి లేకపోయినా రండక్కా, ఇల్లు ఎప్పుడూ మీదే.

నిశ్చితార్థం ఫొటోలు స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టినవాళ్ళు తీసెయ్యండి, ఈ మెసేజ్ కూడా బయటికి ఫార్వర్డ్ చెయ్యొద్దు, రెండువైపులా పిల్లల భవిష్యత్తు ఉంది.

హారిక బాగానే ఉంది, ఆఫీసుకి వెళ్తోంది. ఎందుకు, ఏమైంది అని దాన్ని మాత్రం అడగొద్దు. మామూలుగా మాట్లాడండి, ఇదివరకులాగే పండక్కి పిలవండి, నవ్వించండి, దానికి అదే కావాలి. మీ ప్రేమ తెలుసు కాబట్టి ముందే చెప్తున్నాను, ఇప్పట్లో వేరే సంబంధాలు తేవొద్దు, అది తయారైన రోజు నేనే మీ అందరినీ అడుగుతాను.

అమ్మకి ఇంకా చెప్పలేదు. మొన్నటిదాకా పసుపు కొమ్ములు ఎండబెట్టించి డబ్బాలో దాస్తూ ఉంది, ఫోన్లో చెప్తే తట్టుకోలేదు, ఈ ఆదివారం నేనూ మీ మరదలూ ఊరెళ్ళి పక్కన కూర్చుని చెప్తాం. అప్పటిదాకా అమ్మతో ఎవరూ ఎత్తకండి.

ఏమైనా ఉంటే నాకు గానీ తమ్ముడికి గానీ ఫోన్ చెయ్యండి, సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాం.