రెడ్ హిల్స్ ఇంటి కోసం సత్యనారాయణ సార్‌కి సిస్టర్ల విన్నపం

సికింద్రాబాద్,
9 ఫిబ్రవరి 2026

గౌరవనీయులైన సత్యనారాయణ సార్ గారికి నమస్కారాలు.

విషయం: రెడ్ హిల్స్‌లో తాళం వేసి ఉన్న మీ ఇంటిని క్యాన్సర్ పేషెంట్ల బస కోసం లీజుకు ఇవ్వమని విన్నపం.

సార్, పోయిన నెల ఫోన్ చేసినప్పుడు "అడిగేదేదో కాగితం మీద రాసి పంపండి, పిల్లలకి చూపిస్తా" అన్నారు. అమెరికాలో ఉన్న మీ బాబుకి, కూకట్‌పల్లిలో మిమ్మల్ని చూసుకుంటున్న అమ్మాయికి మేమెవరమో అంతగా తెలియదు. అందుకని మొదటి నుంచి రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే మన్నించండి.

మేము అసిసి పునీత ఫ్రాన్సిస్ నియమాన్ని పాటించే కథోలిక సిస్టర్లం. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు మాటలిచ్చి సన్యాసినుల సభలో చేరతాం. ఎవరి పేరు మీదా సొంత ఆస్తి ఉండదు. మాలో ఇద్దరు స్కూళ్లలో పాఠాలు చెబుతారు, ఒకరు నర్సు. వాళ్ల జీతాలు నేరుగా ఇంటి ఖాతాలోకి వస్తాయి, అందరం అందులోనే బతుకుతాం. ఆరేళ్లుగా నేను, ఇంకో సిస్టర్ సికింద్రాబాద్ నుంచి రెండు బస్సులు మారి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి వస్తున్నాం. అక్కడ మేము చేసేది పెద్ద పనేమీ కాదు. చదువు రానివాళ్లకి చీటీ చదివి పెడతాం, ఏ కౌంటర్‌కి పోవాలో చూపిస్తాం, ముక్కులో ట్యూబ్ ఉన్నవాళ్లకి జావ ఎలా పోయాలో ఇంట్లోవాళ్లకి నేర్పుతాం. మన పరిచయం కూడా ఆ వరండాలోనే కదా.

ఇల్లు ఎందుకు కావాలో చెబుతాను.

నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామందికి ఆరు ఏడు వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెడతారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చొప్పున 30, 35 సిట్టింగులు. మెషీన్ కింద పడుకునేది కొన్ని నిమిషాలే. అందుకోసం వార్డులో బెడ్ ఇవ్వరు, ఇవ్వడం కుదరదు కూడా, ఎందుకంటే బెడ్లు అంతకన్నా జబ్బుగా ఉన్నవాళ్లకి కావాలి. హైదరాబాద్‌లో ఇల్లున్నవాళ్లు వచ్చి పోతారు. నారాయణఖేడ్ నుంచో, ఆసిఫాబాద్ నుంచో వచ్చినవాళ్లు మిగతా రోజంతా ఎక్కడుండాలి? ట్రీట్‌మెంట్ ఖర్చు ఆరోగ్యశ్రీలో పోతుంది. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని పరిమితి పది లక్షలు చేశారు, అది పేదవాళ్లకి నిజంగా పెద్ద అండ. కానీ గది అద్దె అందులో రాదు. లాడ్జికి రోజుకి ఐదారు వందలు పెట్టగలిగినవాళ్లు వారం ఉంటారు, తర్వాత మెట్ల కిందికో ఫుట్‌పాత్ మీదికో వస్తారు. ఆస్పత్రుల దగ్గర షెల్టర్లు లేవని కాదు, వచ్చే జనానికి చాలడం లేదు.

మూడో వారం నుంచి నోరంతా పుండ్లవుతుంది. కారం కాదు సార్, ఉప్పు తగిలినా ఏడుస్తారు. అప్పుడు కావలసింది పల్చటి రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లు పుక్కిలించడం, రాత్రి కాస్త నిద్ర. ఫుట్‌పాత్ మీద ఇవేవీ కుదరవు. నిరుడు వానాకాలంలో ఒక పెద్దాయన 19 సిట్టింగులు అయ్యాక భార్యని తీసుకుని ఊరికి వెళ్లిపోయాడు. "ఈ వానలో ఆమెను ఇంకా ఎన్ని రోజులు కూర్చోబెట్టాలె సిస్టర్" అన్నాడు. జబ్బు ఆయనది, బెంగంతా ఆమె గురించే. ఈ కరెంటు మధ్యలో ఆపితే గడ్డ మళ్లీ పెరగడానికి అవకాశం దొరుకుతుంది, డాక్టర్లు ఒక్కరోజు కూడా మానొద్దని అందుకే చెబుతారు. నేనూ ఆయనకి అదే చెప్పాను. ఉండటానికి మాత్రం చోటు చూపించలేకపోయాను. రెండు నెలల తర్వాత ఆయన తిరిగి వచ్చిన రోజు ఆయన ముఖం చూడటం నాకు చాలా కష్టమైంది. ఆ రోజే మా సభ పెద్దలకి ఉత్తరం రాశాను, మనకి ఆస్పత్రి పక్కనే ఒక ఇల్లు కావాలని.

మీ ఇల్లు ఆస్పత్రికి నడిచి పది నిమిషాలు. పేషెంటు నెమ్మదిగా నడిచినా ఇరవై నిమిషాలే. ముందు హాలు, దాని వెనక మూడు గదులు, పెరట్లో రెండు గదుల పోర్షన్, బావి, వేపచెట్టు. పెద్ద ఇంట్లో పది మంది పేషెంట్లకి, ఒక్కొక్కరికి తోడున్న ఒక్కరికి చోటిస్తాం. పెరటి పోర్షన్‌లో మేము నలుగురు సిస్టర్లం ఉంటాం. అంతకన్నా ఒక్క మంచం కూడా పెంచం. వచ్చినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోం. వంటగది ఒకటే, వండేది మేమూ తోడుగా వచ్చినవాళ్లూ కలిసి. అది ఆస్పత్రి కాదు, ఇంజక్షన్లు, సెలైన్లు అక్కడ పెట్టం. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ లాంటి మందులు ఎవరికి రాసినవి వాళ్ల దగ్గరే ఉంటాయి, మేము నిల్వ పెట్టం. పుండుకి కట్టిన గుడ్డలు, దూది మామూలు చెత్తలో వేయకుండా పసుపు సంచుల్లో కట్టి, అనుమతి ఉన్న ఏజెన్సీకి ఇస్తాం. ఇరుగుపొరుగు వాళ్లకి క్యాన్సర్ అంటుకుంటుందన్న భయం ఉంటే నేనే ఇంటింటికీ వెళ్లి మాట్లాడతాను. అది అంటురోగం కాదని ఎన్నిసార్లయినా చెబుతాను.

ఇక మీ బాబు తప్పకుండా అడిగే ప్రశ్న. మతం సంగతి.

నలుగురు సిస్టర్లు కలిసి ఉండే ఇల్లంటే మా చర్చి చట్టం ప్రకారం అది కాన్వెంటే. దాన్ని తెరవడానికి 609వ నిబంధన కింద అగ్రపీఠాధిపతుల, అంటే ఆర్చ్‌బిషప్ గారి, లిఖితపూర్వక అనుమతి ముందే ఉండాలి. దానికి దరఖాస్తు చేశాం, ఆ కాగితం చేతికొచ్చాకే మీతో సంతకాలు. అలాంటి ఇంట్లో ఒక ప్రార్థన గది కూడా ఉండాలి. దాచిపెట్టి తర్వాత చెబితే మోసమవుతుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. పెరటి పోర్షన్‌లో చిన్న గదిని మా ప్రార్థనకి వాడుకుంటాం. గంట ఉండదు, మైకు ఉండదు, గేటు మీద పెద్ద బోర్డు ఉండదు. ఆదివారం పూజకి గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కేథడ్రల్‌కి వెళతాం. ఈశాన్యంలో ఉన్న మీ పూజగది తాళం మీ దగ్గరే ఉంచుకోండి, దాన్ని మేము ముట్టుకోం. ముందున్న తులసికోట అలాగే ఉంటుంది, రోజూ నీళ్లు మేమే పోస్తాం. పేషెంటు తలగడ కింద ఆంజనేయస్వామి పటం పెట్టుకున్నా, చాప వేసుకుని నమాజు చేసుకున్నా అది వాళ్ల ఇల్లే. నొప్పితో ఉన్న మనిషి దగ్గర కూర్చుని "మా దేవుణ్ని నమ్ము" అని బేరం పెట్టడం మా దృష్టిలో పాపం. ఈ మాట లీజు కాగితంలో షరతుగా రాయమన్నా రాస్తాం.

అద్దె విషయం. అంత పెద్ద ఇంటికి అక్కడ ఎంత వస్తుందో విచారించాను, అది మేము ఇవ్వలేం. నెలకి 25,000 రూపాయలు, మూడు నెలల అడ్వాన్సు ఇవ్వగలం. ప్రతి నెలా 5వ తేదీలోపు చెక్కు, ఏడాదికి ఐదు శాతం పెంపు. కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు మావే. ఆస్తి పన్ను ఇప్పుడున్న దానికన్నా పెరిగితే ఆ పెరిగినది కూడా మాదే. గడువు ఐదేళ్లు అడుగుతున్నాం. 11 నెలల అగ్రిమెంటు మాకు సరిపోదు, ఎందుకంటే రిపేర్లకే ఆరు లక్షలవుతుందని మేస్త్రీ లెక్క కట్టాడు. పాత వైరింగ్ మార్చాలి, సంపు బాగుచేయాలి, కూర్చుని లేవలేని వాళ్లకి రెండు వెస్ట్రన్ టాయిలెట్లు కట్టాలి, ముందు మెట్ల పక్కన ర్యాంపు వేయాలి. ఆ డబ్బు మా సభ పెడుతుంది, ఖాళీ చేసేటప్పుడు తిరిగి అడగం. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలి, స్టాంపు ఖర్చులు మేమే భరిస్తాం. మీకు ఇల్లు కావలసి వస్తే ఆరు నెలల ముందు చెప్పండి, చాలు. అప్పటికి ఉన్న పేషెంట్ల సిట్టింగులు పూర్తయిపోతాయి.

బిల్డర్ వచ్చి వెళ్లాడని మీరే చెప్పారు. అది మీ కుటుంబం ఆస్తి, పిల్లల భవిష్యత్తు. ఆ ఆలోచన తప్పని నేను అనలేను. ఇల్లంతా కుదరకపోతే పెరటి పోర్షన్, హాలు ఇచ్చినా నలుగురు పేషెంట్లతో మొదలుపెడతాం. ఐదేళ్లు ఎక్కువనిపిస్తే మూడేళ్లకి మాట్లాడుకుందాం, రిపేర్లు తగ్గించుకుంటాం.

మీ ఇంటావిడ విజయమ్మ గారి గురించి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అమ్మని అడ్డం పెట్టుకుని మిమ్మల్ని మొహమాట పెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ ఒక్క సంగతి మీకు తెలియకపోవచ్చు. తనకి కరెంటు పెడుతున్న రోజుల్లో అమ్మ తెచ్చుకున్న స్టీలు క్యారియర్‌లో పై గిన్నె ఎప్పుడూ తనది కాదు. మెషీన్ గది బయట బెంచీ మీద ఎవరు ఒంటరిగా ఉంటే వాళ్లకి ఆ జావ ఇచ్చేది. గిన్నె కడిగి తిరిగి ఇవ్వడం నా డ్యూటీ. మీరు ఇల్లు ఇచ్చినా ఇవ్వకపోయినా ఇది మీకు చెప్పాల్సిన బాకీ అనిపించింది.

ఈ ఏడాది అక్టోబర్ 3కి పునీత ఫ్రాన్సిస్ కన్నుమూసి 800 ఏళ్లు. ఆయన జీవితం మారింది కుష్ఠురోగుల మధ్యకి వెళ్లాకే. ఆ రోజుకల్లా మొదటి పేషెంటు ఈ ఇంట్లో ఉండాలని మా ఆశ. అది మా ఆశ మాత్రమే, మీకు గడువు కాదు.

దీంతో పాటు మా సొసైటీ రిజిస్ట్రేషన్ కాపీ, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, మేస్త్రీ ఇచ్చిన ఎస్టిమేటు, లీజు ముసాయిదా జత చేశాను. ముసాయిదాని మీ వకీలుకి చూపించండి, ఏ మాట కొట్టేయమన్నా కొట్టేస్తాం. మీకు వీలైతే వచ్చే ఆదివారం సాయంత్రం నేను, మా సభకి ఇక్కడ పెద్ద అయిన ప్రొవిన్షియల్ సిస్టర్ కూకట్‌పల్లి వస్తాం. బాబు వీడియో కాల్‌లో ఉంటే ఇంకా మంచిది, ఆయన అనుమానాలన్నీ నేరుగా మమ్మల్నే అడగొచ్చు. కుదరదు అన్నా ఫోన్‌లో ఒక్క మాట చెప్పండి సార్, వేరే చోట వెతుక్కుంటాం, మీ మీద గౌరవం ఏమీ తగ్గదు. మోకాళ్ల నొప్పులకి వేసుకునే మందు అన్నం తిన్నాకే వేసుకోండి.

ఇట్లు,
మీ సిస్టర్ శాంత
సిస్టర్లందరి తరఫున