సంధులు, సమాసాలు: 8వ తరగతి అభ్యాస పత్రం

పర్లాకిమిడి, ఆదివారం తెలుగు తరగతి. మార్కులు 20. జవాబులు రాశాక పేజీ మొత్తం పడేలా ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. నీడ పడితే ఒత్తులు కనపడవు, దిద్దలేను.

చదవండి: సూర్యోదయానికి తల్లిదండ్రులు పొలం వెళ్ళారు. రామయ్య మహేంద్రతనయ ఒడ్డున కూర్చుని మేనల్లుడికి మహేంద్రగిరి గురించి చెప్పాడు.

1. సూర్యోదయం, రామయ్య, మేనల్లుడు: విడదీసి సంధి పేర్లు రాయండి. (6)
మాదిరి: మహా + ఇంద్ర = మహేంద్ర, గుణసంధి. ఇది సంస్కృత సంధి, ఒడియా వ్యాకరణంలోనూ చదివే ఉంటారు. పై మూడింటిలో ఇలాంటిది ఒక్కటే. మిగతా రెండూ తెలుగు సంధులు.

2. 'తల్లిదండ్రులు'లో సంధీ ఉంది, సమాసమూ ఉంది. 'తండ్రి'లోని త, ద ఎందుకైంది? సంధి పేరు, సూత్రం, సమాసం పేరు రాయండి. (6)

3. మహేంద్రగిరి, మహేంద్రతనయ: విగ్రహవాక్యాలు, సమాసాల పేర్లు రాయండి. (8)
మొదటి పదం ఒకటే కదా అని రెండింటికీ ఒకే పేరు రాసేయకండి. ఒకటి కొండ పేరు చెబుతుంది. రెండోది ఆ కొండల్లో పుట్టిన నది; తనయ అంటే కూతురు. విగ్రహవాక్యం సరిగ్గా రాస్తే సమాసం పేరు తప్పినా సగం మార్కులు ఇస్తాను.