విషయం: గురువారం బిల్లుకు మీ ఖాతాలో డబ్బు రెండుసార్లు కట్ అయింది – క్షమించండి, రిఫండ్ ఎప్పుడొస్తుందంటే

నమస్కారం.

వరలక్ష్మీ వ్రతం ముందురోజు, అంటే మొన్న గురువారం సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదింటి మధ్య పాతూరులోని మన షాపులో చీరలు కొన్నవాళ్లలో 37 మందికి ఒకే బిల్లుకు డబ్బు రెండుసార్లు కట్ అయింది. మీరూ అందులో ఒకరు. తప్పు మాది, క్షమించండి.

ఆ సాయంత్రం షాపులో కాలు పెట్టడానికి చోటు లేదు. అప్పుడే నెట్ సతాయించింది. మీరు స్కాన్ చేసి డబ్బు కొట్టారు, కౌంటర్ మీది స్పీకర్ డబ్బా నోరు మెదపలేదు. కార్డు మిషన్‌లోంచి స్లిప్పు రాలేదు. "రాలేదమ్మా, ఇంకోసారి కొట్టండి" అన్నారు మా పిల్లలు. వాళ్లనే అంటే ఎట్లా, ఆ మాట నేనూ రెండుమూడుసార్లు అన్నాను. ఫోన్‌లో షాపు యాప్ తెరిచి మొదటిది పడిందో లేదో చూస్తే అరనిమిషం పట్టేది. అది చూడలేదు.

శుక్రవారం పొద్దున్నే, ఇంకా పూజ కూడా కాకముందే, తాడిపత్రి నుంచి ఒకమ్మ ఫోన్ చేసింది. ధర్మవరం చీర, బిల్లు 6,850. ఆమె ఫోన్‌లో 6:42కి ఒక మెసేజ్, 6:44కి ఇంకొకటి, మొత్తం 13,700 పోయింది. "పండగ పూట నా ఖాతాలో ఏమీ మిగల్లేదు నాయనా" అన్నది. అప్పుడు కూర్చుని ఆ రెండు గంటల లెక్కంతా ఒక్కో బిల్లూ తీసి చూశాం.

37 మందిలో ఇద్దరు నిన్న షాపుకే వచ్చారు, వాళ్లకు నగదు ఇచ్చేశాం. 29 మంది డబ్బు మా ఖాతాలోకి రెండుసార్లు వచ్చింది. వీళ్లందరికీ ఈరోజు, శనివారం పొద్దున రిఫండ్ వేశాం. మీరు ఏ ఖాతా నుంచి, ఏ కార్డు నుంచి కట్టారో దానికే తిరిగొస్తుంది.

క్యూఆర్ స్కాన్ చేసి కట్టినవాళ్లకు మామూలుగా రెండుమూడు రోజుల్లో పడుతుంది. కార్డు గీకినవాళ్లకు బ్యాంకు పనిదినాలు ఐదు నుంచి ఏడు పట్టవచ్చు. సోమవారం నుంచి లెక్కేసుకోండి, మధ్యలో సెలవొస్తే ఒకరోజు జరుగుతుంది. క్రెడిట్ కార్డయితే డబ్బు చేతికి రాదు, కార్డు లెక్కలో జమ అవుతుంది. ఈ నెల బిల్లు ఇప్పటికే తయారై ఉంటే వచ్చే నెల బిల్లులో కనిపిస్తుంది.

మిగిలిన ఆరుగురిది వేరే కథ. మీ ఖాతాలో రెండోసారి కట్ అయింది గానీ ఆ డబ్బు మాకు చేరనే లేదు, బ్యాంకుల మధ్య ఆగిపోయింది. మా దగ్గర లేని డబ్బుకు మేం రిఫండ్ వేయలేం. అది దానంతటదే వెనక్కి రావాలి. రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం ప్రకారం ఇలాంటి డబ్బును లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపు తిప్పి వేయాలి, అంటే ఈ మంగళవారంలోపు. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. బుధవారానికీ పడకపోతే రెండోసారి డబ్బు కట్ అయిన మెసేజ్‌లోని 12 అంకెల UTR నంబరు పట్టుకుని మీ బ్యాంకులో ఫిర్యాదు పెట్టండి. రాయడానికి ఇబ్బందయితే షాపుకు రండి, పక్కన కూర్చుని రాయించి పంపుతాం.

మీరు ఏ లెక్కలో ఉన్నారంటారా? ఈ మధ్యాహ్నం లోపు రిఫండ్ నంబరుతో మెసేజ్ వస్తే 29 మందిలో, రాకపోతే ఆరుగురిలో.

"అవన్నీ ఎందుకు, నగదు ఇచ్చేయండి" అని కొందరు అడుగుతున్నారు. రిఫండ్ ఒకసారి వేశాక ఆపడం కుదరదు. నగదూ ఇస్తే మళ్లీ రెండుసార్లు అయి, ఈసారి మేం మీ ఇంటికి రావాల్సి వస్తుంది. కానీ ఈ దెబ్బకు ఖాతాలో డబ్బు చాలక మీ ఈఎంఐ గానీ చెక్కు గానీ బౌన్స్ అయి బ్యాంకు జరిమానా వేసి ఉంటే, ఆ స్టేట్‌మెంట్ చూపించండి. అది మేమే కడతాం.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. రిఫండ్ కోసం మేం మీకు ఫోన్ చేయం, లింకు పంపం, ఏదీ స్కాన్ చేయమనం. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు, ఓటీపీ చెప్పాల్సిన పని లేదు. మా షాపు పేరు చెప్పి ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయిందనిపిస్తే వెంటనే 1930కి చేయండి.

ఇకమీద స్పీకర్ పలకకపోతే ముందు యాప్ చూస్తాం. నెట్ అసలే లేకపోతే పుస్తకంలో పేరు రాసుకుని చీర ఇచ్చి పంపుతాం. డబ్బు మరుసటి రోజు వేయండి.

ఏదైనా అడగాలంటే బిల్లు మీది నంబరుకు పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది వరకు చేయండి. ఈ వారమంతా ఆ ఫోన్ నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
మీ షాపు ఓనర్
పాతూరు, అనంతపురం